అదే హోదా... అంత తేడానా?

కొత్తగా చేరిన సహోద్యోగికి మనకన్నా లక్షల్లో ఎక్కువ జీతమని తెలిస్తే... ఆ రాత్రి నిద్రపట్టదు. తెల్లారగానే రాజీనామా ఇచ్చేయాలనిపిస్తుంది. ఆగండి! ఆ రెంటికీ మధ్య వేసుకోవాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి.

'అక్కా, ఈ ట్యాక్స్ డిక్లరేషన్ ఎలా నింపాలో కాస్త చెప్తారా?'

పక్కసీటు అబ్బాయి ల్యాప్‌టాప్ ఇటు తిప్పుతాడు. చేరి రెండు నెలలైంది. ప్రాజెక్టు గురించి మొదటి నుంచీ నేర్పింది ఆమే. తెర మీద అతని ఆఫర్ లెటర్ తెరిచి ఉంటుంది. చూడకూడదనుకుంటూనే చూపు చివరి వరసదాకా జారిపోతుంది. ఏడాదికి 13 లక్షల పాతికవేలు! ఆమెకొచ్చేది 8 లక్షల 80 వేలు. ఇద్దరి హోదా సీనియర్ టెస్ట్ ఇంజినీరే. అనుభవమూ ఇద్దరిదీ ఐదేళ్లే.

ఇది మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏ ఆఫీసులోనైనా జరగొచ్చు. ప్రైవేటు బ్యాంకులో జరగొచ్చు. కార్పొరేట్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లోనూ జరగొచ్చు. అంకెలు మారతాయంతే. లెక్క తేలిగ్గా అర్థంకావడానికి ఈ ఇద్దరినే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు ఒక మాట. అది తెలిశాక కడుపులో మంట రేగితే అది చెడ్డబుద్ధేమీ కాదు. 2012లో డేవిడ్ కార్డ్, మరో ముగ్గురు ఆర్థికవేత్తలు దీనిమీద ఓ అధ్యయనం ప్రచురించారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఉద్యోగుల జీతాలు అప్పటికే ఓ వెబ్‌సైట్లో అందరికీ కనిపించేలా ఉన్నాయి. అది చాలామంది చూసి ఉండరు కదా... అందుకని కొందరికి మాత్రం ఆ సంగతి మెయిల్‌లో చెప్పారు. తమలాంటి ఉద్యోగుల మధ్యస్థ జీతం కన్నా తమకు తక్కువని తెలిసినవాళ్లలో తృప్తి తగ్గింది, వేరే ఉద్యోగం వెతుక్కోవాలన్న ఆలోచన పెరిగింది. మరి ఎక్కువ వస్తోందని తెలిసినవాళ్లు? వాళ్లకు అదనంగా ఆనందమేమీ కలగలేదు. అంటే, అవతలి వ్యక్తి ఈ తేడాను అనుభవిస్తూ మురిసిపోతున్నాడనుకోవడం మన ఊహే. అతనికసలు ఆ సంగతే తెలియకపోవచ్చు.

తేడా ఎక్కడ మొదలైంది?

ఈ అబ్బాయికి ఆమె జీతంలోంచి తీసి ఇవ్వలేదు. చాలా సంస్థల్లో కొత్తవాళ్లను తీసుకునే డబ్బు వేరు, పాతవాళ్లకు పెంచే డబ్బు వేరు. కొత్తవాళ్ల జీతం బయటి మార్కెట్‌ను బట్టి నిర్ణయమవుతుంది. ఖాళీ త్వరగా నింపకపోతే ప్రాజెక్టు ఆగుతుంది కాబట్టి అక్కడ బేరానికి చోటుంటుంది. పాతవాళ్లకు మాత్రం ఏటా ఇంత శాతమని ఒక మొత్తం కేటాయిస్తారు. దాన్నే టీమంతా పంచుకోవాలి.

ఇద్దరూ ఒకే ఏడాది, 6 లక్షల జీతంతో వేర్వేరు సంస్థల్లో మొదలయ్యారనుకోండి. ఆమె ఉన్నచోటే ఉంది. ఏటా 8 శాతం పెంపు. ఐదు పెంపుల తర్వాత 8 లక్షల 80 వేలయింది. అతనికీ మామూలు సంవత్సరాల్లో 8 శాతమే పెరిగింది. కాకపోతే రెండుసార్లు కంపెనీ మారాడు. ఓసారి 30 శాతం, ఇంకోసారి 35 శాతం ఎక్కువ అడిగి తెచ్చుకున్నాడు. అది 13 లక్షల పాతికవేలయింది. అతను ఆమెకన్నా గొప్పగా పనిచేశాడా, లేదా అన్న ప్రశ్న ఈ లెక్కలో ఎక్కడా లేదు. అతని జీతం మొదటినుంచీ రెండుసార్లు తిరిగి లెక్కగట్టారు. ఆమెది ఒక్కసారీ కట్టలేదు. అసలు కీలకం ఇక్కడే ఉంది.

చూసిన అంకె నిజమేనా?

ఆఫర్ లెటర్లో కనిపించేది సీటీసీ. అంటే ఉద్యోగి కోసం కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. అందులో చేతికొచ్చేదీ ఉంటుంది, ఎప్పుడో వచ్చేదీ ఉంటుంది, అసలు రాకపోయేదీ ఉంటుంది. రెండు జీతాలను పోల్చాలంటే దీన్ని విడదీయాల్సిందే.

అతని 13.25 లక్షల్లో లక్ష రూపాయలు జాయినింగ్ బోనస్ అనుకుందాం. అది ఒక్కసారి ఇచ్చేది. పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు సాధారణంగా ఉంటుంది. ఇంకో లక్షా పాతికవేలు వేరియబుల్ పే. కంపెనీ లాభాలు, అతని రేటింగ్ బాగుంటేనే పూర్తిగా వస్తుంది. పీఎఫ్‌లో కంపెనీ వాటా, గ్రాట్యుటీకి పక్కనపెట్టేది, ఆరోగ్య బీమా ప్రీమియం కలిపి మరో లక్ష. ఇవన్నీ తీసేస్తే ఖాయంగా వచ్చేది 10 లక్షలు.

ఆమె 8.80 లక్షల్లో వేరియబుల్ 40 వేలు. పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా కలిపి 75 వేలు. మిగిలేది 7 లక్షల 65 వేలు. తెర మీద చూసినప్పుడు 4 లక్షల 45 వేలుగా కనిపించిన తేడా ఇప్పుడు 2 లక్షల 35 వేలకు దిగింది. చిన్నదేం కాదు, ఆమె స్థిర జీతంలో దాదాపు 31 శాతం. కానీ మేనేజర్ ముందు కూర్చున్నప్పుడు ఏ అంకె పట్టుకుని మాట్లాడతామన్నది ముఖ్యం. నాలుగున్నర లక్షలు అని మొదలుపెడితే అవతలివాళ్లు జాయినింగ్ బోనస్ చూపించి ఒక్కమాటతో కొట్టేస్తారు.

చాలామంది ఇక్కడే పొరబడతారు. తమ నెల జీతాన్ని పన్నెండుతో గుణించి, ఎదుటివారి సీటీసీతో పోల్చుకుంటారు. ఒకవైపు పీఎఫ్ కోత పోయాక మిగిలింది, ఇంకోవైపు బీమా ప్రీమియం కూడా కలిపింది! అలా పోల్చితే సమానమైన జీతాలు కూడా వేర్వేరుగానే కనిపిస్తాయి.

పని కూడా ఒకటేనా?

విజిటింగ్ కార్డు మీద హోదా ఒకటే అయినా లోపల గ్రేడ్ వేరుగా ఉండొచ్చు. హెచ్ఆర్ పోర్టల్లో మీ ప్రొఫైల్ తెరిస్తే గ్రేడో బ్యాండో కనిపిస్తుంది. అతని గ్రేడ్ ఒక మెట్టు పైనుంటే ఇది జీతం సమస్య కాదు, ప్రమోషన్ సమస్య. అడగాల్సిన తీరు మారిపోతుంది.

ఇంకోటి... అతన్ని ఎందుకు తీసుకున్నారు? ఆమె చేతులతో పరీక్షలు చేస్తుంటే అతను ఆటోమేషన్ స్క్రిప్టులు రాయడానికి వచ్చాడేమో! రాత్రి షిఫ్టుకు ఒప్పుకొన్నాడేమో! ఒక వారంపాటు ఇద్దరి పనులూ నిజాయతీగా కాగితం మీద రాసి చూసుకుంటే తెలుస్తుంది. అతనికున్న నైపుణ్యం మీకు లేకపోతే అది మూడు నాలుగు నెలల్లో నేర్చుకోగలిగిందేనా చూడాలి. పనిలో తేడా ఏమీ లేదని తేలితే అప్పుడు వాదనకు బలం వస్తుంది.

'ఇంకాస్త కష్టపడితే...'

పాత ఉద్యోగులు సాధారణంగా ఎంచుకునే దారి ఇదే. ఎవరితోనూ అనకుండా, వచ్చే అప్రైజల్‌లో మంచి రేటింగ్ తెచ్చుకుంటే సర్దుకుంటుందనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. ఆమెకు ఏటా అందరికన్నా మంచి రేటింగ్ వచ్చి 12 శాతం పెరిగిందనుకోండి. అతనికి మామూలుగా 8 శాతమే పెరిగిందనుకోండి. ఆమె 7.65 లక్షలు అతని 10 లక్షలను అందుకోవడానికి ఏడేళ్లు దాటుతుంది! అది కూడా ఏడేళ్లూ ఏకధాటిగా ఆమెకే మంచి రేటింగ్ వస్తేనే. శాతాల లెక్కలో ఉన్న చిక్కే అది. చిన్న మొత్తం మీద పెద్ద శాతం, పెద్ద మొత్తం మీద చిన్న శాతం... రెండూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. కాబట్టి పెంపుతో ఈ గుంట పూడదు. మొత్తాన్నే తిరిగి లెక్కగట్టాలి. దాన్నే హెచ్ఆర్ వాళ్లు మార్కెట్ కరెక్షన్ అంటారు. అడగాల్సింది అది.

చట్టం అడ్డొస్తుందా?

సర్కారీ కొలువుల్లో ఉన్నవాళ్లకు ఈ చిక్కుకు ఓ మందుంది. పే ఫిక్సేషన్ నిబంధనల వల్ల జూనియర్‌కు సీనియర్ కన్నా ఎక్కువ వస్తే, ఇద్దరూ ఒకే కేడర్, ఒకే స్కేలు వంటి షరతులకు లోబడి సీనియర్ జీతాన్ని జూనియర్‌తో సమానం చేస్తారు. దాన్నే 'స్టెప్పింగ్ అప్' అంటారు. ఉపాధ్యాయుల ఇళ్లలో ఈ మాట వినని పిల్లలుండరు. ప్రైవేటు సంస్థల్లో అలాంటి నిబంధన లేదు.

సమాన పనికి సమాన వేతనం అనే మాట రాజ్యాంగంలో 39(డి) అధికరణంలో ఉంది. స్త్రీ పురుషుల మధ్య తేడా ఉండకూడదన్నది దాని సారాంశం. 1982లో ఢిల్లీ పోలీసుశాఖ డ్రైవర్ రణధీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని ప్రభుత్వోద్యోగానికి వర్తింపజేసింది. ప్రైవేటు యాజమాన్యాలను కట్టడి చేసింది 1976 నాటి సమాన వేతన చట్టం. దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి లింగభేదం కారణంగా జీతంలో తేడా చూపకూడదని అది చెబుతోంది.

'కారణంగా' అన్న మాట దగ్గర ఆగాలి. మన ఉదాహరణలో ఆమె స్త్రీ, అతను పురుషుడు. అంతమాత్రాన సరిపోదు. అదే సమయంలో చేరిన మగవాళ్లకూ ఆమె లాగే తక్కువుంటే అది పాత కొత్తల తేడా. అలాకాక టీములో మగవాళ్లందరికీ ఎక్కువ, ఆడవాళ్లందరికీ తక్కువ అన్న వరస కనిపిస్తే అప్పుడు చట్టం పరిధిలోకి వస్తుంది. ఇద్దరు మగవాళ్ల మధ్యో, ఇద్దరు ఆడవాళ్ల మధ్యో తేడా అయితే ఈ చట్టంతో పని జరగదు. మిగిలింది బేరమే.

జీతం వివరాలు గోప్యంగా ఉంచాలని మన దగ్గర చాలా ఆఫర్ లెటర్లలో రాసి ఉంటుంది. సంతకం పెట్టేముందు ఎవరూ చదవరు. మేనేజర్ గదికి వెళ్లేముందు మాత్రం ఓసారి తీసి చదువుకోవడం మంచిది.

అతని పేరెత్తొద్దు

'వాడికి అంత ఇచ్చి నాకు ఇంతేనా?' ఇలా మొదలైతే సంభాషణ అక్కడే దారి తప్పుతుంది. మీకెలా తెలిసిందన్నది మొదటి ప్రశ్న అవుతుంది. సాయం అడగడానికి వచ్చిన అబ్బాయి ఇరుక్కుంటాడు. పైగా మేనేజర్లకు తెలిసిన ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: 'ఇంకొకరి జీతం గురించి నేను మాట్లాడను.'

పేరెత్తకుండానే అదే సంగతి అడిగే దారి ఉంది. చాలా పెద్ద సంస్థల్లో ప్రతి గ్రేడ్‌కూ జీతంలో ఒక కనిష్ఠం, ఒక గరిష్ఠం, మధ్యలో ఒక అంకె ఉంటాయి. ఆమె గ్రేడ్‌కు స్థిర జీతం ఏడున్నర లక్షల నుంచి పదకొండున్నర లక్షలు అనుకుందాం. మధ్య అంకె తొమ్మిదిన్నర. ఉద్యోగి జీతాన్ని ఈ మధ్య అంకెతో భాగిస్తే వచ్చేదాన్ని 'కంపా రేషియో' అంటారు. ఆమెది 0.8, అతనిది 1.05. అంటే ఐదేళ్ల అనుభవముండి, కొత్తవాళ్లకు నేర్పుతూ కూడా ఆమె గ్రేడ్‌లో అట్టడుగున ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న: 'నా గ్రేడ్ పరిధిలో నేను ఎక్కడున్నాను?' ఇది ఎవరి రహస్యమూ కాదు. పరిధి ఎంతో చెప్పకపోయినా, మధ్య అంకెకు పైనా కిందా అన్నది చెప్పమనొచ్చు.

దానికి తోడు బయటి ధర తెలియాలి. ఫోన్‌చేసే రిక్రూటర్లను వద్దని పెట్టేయకుండా, ఈ అనుభవానికి స్థిర జీతం ఎంతలో ఇస్తున్నారని అడిగితే చెబుతారు. ముగ్గురు నలుగురిని అడిగితే ఒక పరిధి తేలుతుంది. వేరే కంపెనీల్లో ఉన్న పాత క్లాస్‌మేట్లు మరో ఆధారం.

ఇక ఎప్పుడు అడగాలి? పెంపు ఉత్తర్వులు చేతికొచ్చాక మేనేజర్ దగ్గర డబ్బుండదు. ఏప్రిల్లో పెంపులిచ్చే సంస్థలో అంకెలు అంతకు రెండు మూడు నెలల ముందే ఖరారవుతుంటాయి. మన ఉదాహరణలో ఆమెకు తెలిసింది మే నెలలో. ఆలస్యమైనట్టే. అయినా ఏడాది మధ్యలో కరెక్షన్ అడగొచ్చు. కాకపోతే అది మేనేజర్ చేతిలో ఉండదు. ఆయన పైఅధికారిని ఒప్పించాలి, హెచ్ఆర్ ఆమోదించాలి. అంటే మీ తరఫున మీరు లేని గదిలో ఆయన మాట్లాడాలి. ఆ మాటలు మీరే రాసివ్వాలి. ఒక్క పేజీ చాలు. ఈ ఏడాది చేసిన మూడు పెద్ద పనులు, నేర్పించిన మనుషులు, గ్రేడ్‌లో మీ స్థానం, మార్కెట్ పరిధి, కావాల్సిన అంకె. ఆ అంకె కచ్చితంగా ఉండాలి. 'కాస్త చూడండి' అంటే కాస్తే చూస్తారు.

మాట ఇలా ఉండొచ్చు: 'నాకిక్కడ పని బాగుంది, ఉండాలనే ఉంది. నా జీతం గ్రేడ్‌లో అడుగున ఉందనీ, బయట ఈ పనికి తొమ్మిది నుంచి పది లక్షల స్థిర జీతం ఉందనీ తెలిసింది. దాన్ని తొమ్మిదిన్నరకు సరిచేయమని అడుగుతున్నాను. ఒకేసారి కుదరకపోతే సగం ఇప్పుడు, సగం అక్టోబరులో అయినా సరే. ఎప్పటిలోగా చెప్పగలరు?'

చివరి వాక్యమే అన్నిటికన్నా ముఖ్యం. 'చూద్దాం' అన్నది జవాబు కాదు. తేదీ చెబితే నమ్మొచ్చు. మెయిల్‌లో పెడితే ఇంకా నమ్మొచ్చు. డబ్బుకు బదులు కొత్త హోదా ఇస్తామంటే, దాంతోపాటు గ్రేడ్ మారుతుందా అని అడగాలి. గ్రేడ్ మారని హోదా కార్డు మీద అచ్చుకే పనికొస్తుంది. చెప్పిన తేదీ దాటినా కబురు లేకపోతే ఒకసారి గుర్తుచేయండి. రెండోసారీ వాయిదా పడితే అదే జవాబని అర్థం.

వెళ్లాలా, ఉండాలా?

కాదన్నాక బయటి ఆఫర్ తెచ్చి బల్లమీద పెట్టడం చాలామంది చేసేదే. ఒక్కటే నియమం. నిజంగా వెళ్లడానికి సిద్ధపడితేనే పెట్టాలి. 'సరే, వెళ్లండి' అనే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ఒకవేళ పెంచి ఆపినా, వచ్చే ఏడాది పెంపు అందులోనే కలిపేశామనొచ్చు. ఆ సంగతి ముందే అడిగి రాయించుకోవాలి.

వెళ్లేటప్పుడు పోయేదాన్నీ లెక్కలో వేయాలి. ఆమె జులైలో చేరింది అనుకుందాం. మే నాటికి సర్వీసు నాలుగేళ్ల పది నెలలు. పర్మినెంటు ఉద్యోగికి ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ హక్కవుతుంది. నెలకు బేసిక్ 32,500 అయితే, దాన్ని 15తో గుణించి 26తో భాగిస్తే ఏడాది సర్వీసుకు 18,750. ఐదేళ్లకు 93,750 రూపాయలు. రెండు నెలల తొందర ఖరీదు అంత కావొచ్చు! ఆమె కంపెనీలో నోటీసు పీరియడ్ 90 రోజులైతే, ఇప్పుడు రాజీనామా ఇచ్చినా చివరి రోజు జులై దాటే వస్తుంది. ముందే వదిలేస్తామని కంపెనీ అంటే, ఐదేళ్లు నిండే తేదీ చూసుకున్నాకే ఒప్పుకోవాలి.

కొత్తచోట ఇంకో సంగతి. మార్కెట్ పడిపోయి మనుషుల్ని తగ్గించాల్సి వస్తే, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లను పంపడమే తేలిక. ఇంటి వాయిదాలు కట్టే ఒక్క జీతం మీదే ఇల్లు నడుస్తుంటే, ఆర్నెల్ల ఖర్చులు బ్యాంకులో ఉన్నాకే కదలడం మేలు. బిడ్డ చిన్నదైతే, ఇంటికి దగ్గర ఆఫీసు, తెలిసిన మేనేజర్, అడిగితే దొరికే సెలవు... వీటికీ విలువుంది. ఏడాదికి 2.35 లక్షలంటే నెలకు 19 వేల పైచిలుకు, పన్నుకు ముందు. ఆ సౌకర్యాలకు మీరు నెలకు అంత కడతారా? కడతానంటే ఉండిపోవడం ఓటమి కాదు, కొనుక్కోవడం. కట్టనంటే రెజ్యుమె తీసి సరిచేయడం మొదలుపెట్టొచ్చు. ఏది ఎంచుకున్నా ఈ నిర్ణయాన్ని ఏడాదికోసారి తిరిగి చూసుకోవాలి. ఎందుకంటే మీరు చూడకపోయినా గుంట ఏటా కొంచెం కొంచెం పెరుగుతూనే ఉంటుంది.

మేనేజర్ గదికి వెళ్లేముందు...

* పోల్చాల్సింది స్థిర జీతాన్ని. సీటీసీని కాదు.
* సహోద్యోగి పేరు, అతని అంకె నోటి వెంట రాకూడదు.
* ఇంటి అప్పులు, పిల్లల ఫీజులు కారణాలుగా చెప్పొద్దు. అవి నిజమే కానీ, పైఅధికారిని ఒప్పించడానికి మేనేజర్‌కు పనికిరావు.
* ఒక అంకె, ఒక ప్రత్యామ్నాయం, ఒక తేదీ... ఈ మూడూ లేకుండా వెళ్లొద్దు.
* చేరిన తేదీ, నోటీసు గడువు, గోప్యత షరతు ఆఫర్ లెటర్లో చూసుకున్నాకే నోరు విప్పండి.